కంప్రెసర్ వేశాకే ఎందుకు గుచ్చుతుంది?

గొంతు రికార్డు చేసుకుని విన్నప్పుడు బాగానే ఉంటుంది. ఒకచోట గట్టిగా, ఒకచోట నెమ్మదిగా ఉందని కంప్రెసర్ వేస్తారు. లెవెల్ సర్దుకుంటుంది కానీ, అంతవరకూ పెద్దగా వినపడని 'స'లు చెవిలో గుచ్చుకోవడం మొదలుపెడతాయి. అప్పుడు డీ-ఎస్సర్ వేస్తారు. 'స'లు మెత్తబడతాయి, వాటితోపాటు చదివేవారి ముందుపళ్ళు కూడా ఊడిపోయినట్టు వినిపిస్తుంది. ఆడియో పుస్తకాలు, కథల పాడ్‌కాస్ట్‌లు ఇంట్లోనే తయారుచేసుకునే తెలుగువాళ్ళలో ఈ వరస తెలియనివారు తక్కువ. సలహాలకు కొరత లేదు. డీ-ఎస్సర్ ముందుండాలని ఒకరు, వెనకుండాలని మరొకరు, అసలు రెండూ వద్దు చేత్తో సర్దుకోవాలని ఇంకొకరు చెబుతారు. ఎవరి మాట ఎక్కడ చెల్లుతుందో తేలాలంటే ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎగుడుదిగుడు లెవెల్, గుచ్చుకునే 'స' రెండు వేరువేరు జబ్బులు కావు. మొదటిదానికి వేసిన మందే చాలాసార్లు రెండోదాన్ని పెంచుతుంది.

ఎలా పెంచుతుందో ఒక వాక్యం మీద లెక్క వేసి చూద్దాం. "శనివారం సాయంత్రం సుశీల పెట్టిన చారు చల్లారిపోయింది, అయినా ఎవరూ ఏమీ అనలేదు." కథ చదివేవారెవరైనా దీన్ని మొదట హుషారుగా అందుకుని, చివరికొచ్చేసరికి గొంతు దించేస్తారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఊపిరి అయిపోయేదీ అక్కడే. అందుకే మన చదువులో మింగేసేది ఎక్కువగా 'అనలేదు', 'వెళ్ళిపోయాడు' వంటి క్రియలే, అంటే వాక్యానికి ప్రాణమైన మాటలే. మన ఫైల్లో 'సాయంత్రం'లోని దీర్ఘం మైనస్ 8 డీబీ దగ్గర పలికిందనుకుందాం. దాని ముందున్న 'స్' ధ్వని మైనస్ 16, చివరి 'అనలేదు' మైనస్ 22, ఎవరూ మాట్లాడనప్పుడు గదిలో వినిపించే హోరు మైనస్ 68. అంకెలు లెక్క తేలికగా ఉండేలా ఎంచుకున్నవే అయినా ఇంటి రికార్డింగుకు దూరమైనవి కావు.

ఇప్పుడు చాలామంది చేసే పని చేద్దాం. థ్రెషోల్డ్ మైనస్ 20, రేషియో 4కి 1, అటాక్, రిలీజ్ రెండూ బాగా వేగం. దీర్ఘం థ్రెషోల్డ్ కన్నా 12 డీబీ పైన ఉంది. ఆ 12 కాస్తా 3 అవుతుంది, అంటే మైనస్ 17కి దిగుతుంది. 'స్' థ్రెషోల్డ్ పైన 4 డీబీయే ఉంది, అది 1 అయి మైనస్ 19 దగ్గర నిలుస్తుంది. 'అనలేదు' థ్రెషోల్డ్ కిందే ఉంది కనుక దాని జోలికి ఎవరూ పోరు. పోయిన బిగువు తిరిగి తెచ్చుకోవడానికి మేకప్ గెయిన్ 9 డీబీ ఇస్తాం. దీర్ఘం మళ్ళీ మైనస్ 8, 'స్' మైనస్ 10, 'అనలేదు' మైనస్ 13, హోరు మైనస్ 59.

చివరి క్రియ బాగుపడింది. దీర్ఘానికీ దానికీ ఉన్న 14 డీబీ తేడా 5కి వచ్చింది, మనం కోరింది అదే. కానీ పక్కనే ఉన్న 'స్' చూడండి. అచ్చు కన్నా 8 డీబీ కింద అణిగి ఉన్నది ఇప్పుడు 2 డీబీ కింద కూర్చుంది. ఎవరూ దాన్ని పెంచలేదు, చుట్టూ ఉన్న అచ్చుల్ని నొక్కి, తర్వాత అందర్నీ ఒకేసారి పైకెత్తారు. ఇక్కడ 6 డీబీ తగ్గించేలా డీ-ఎస్సర్ పెడితే, ఆ పనంతా మనమే చేసిన దాన్ని సరిదిద్దుకోవడం అవుతుంది. పైగా హోరు మైనస్ 60 గీత దాటింది. ఆడిబుల్‌కు పుస్తకాలు అందించే ఏసీఎక్స్ వారి నియమాల్లో గది చప్పుడు మైనస్ 60 కన్నా కిందే ఉండాలని, శిఖరాలు మైనస్ 3 దాటకూడదని, సగటు స్థాయి మైనస్ 23కీ మైనస్ 18కీ మధ్య ఉండాలని ఉంది. ఎవరికి పంపినా పంపకపోయినా ఇంట్లో పనిచేసేవారికి ఇవి పనికొచ్చే కొలతలే.

మనం వేసింది స్థిరమైన లెక్క. అసలు కంప్రెసర్ కాలంలో పనిచేస్తుంది, రిలీజ్ ప్రాముఖ్యం అక్కడే. ఒక అచ్చు దగ్గర నొక్కిన కంప్రెసర్ చెయ్యి వెంటనే తీయదు. 'సుశీల'లో 'సు' దగ్గరి నొక్కుడు తర్వాతి 'శ్' వచ్చేదాకా నిలిస్తే ఆ 'శ్' కూడా అంతే దిగుతుంది, అచ్చుకూ దానికీ ఉన్న దూరం చెడదు. రిలీజ్ 40 మిల్లీసెకన్లు పెడితే, 100 మిల్లీసెకన్ల పొడవుండే హల్లు నడుమలోకొచ్చేసరికి నొక్కుడు చాలావరకు వదిలేసి ఉంటుంది, 'శ్' పైకి లేస్తుంది. 150 నుంచి 250 దాకా పెడితే ఆ లేవడం బాగా తగ్గుతుంది. డీ-ఎస్సర్ కోసం పరిగెత్తే ముందు రిలీజ్ మీట ఒకసారి తిప్పి చూడమని నేను చెప్పడం అందుకే, సగం ఫిర్యాదులు అక్కడే తీరతాయి. అలాగని సెకను దాకా సాగదీస్తే గట్టి మాట తర్వాతి నాలుగు మాటలూ గొయ్యిలో పడతాయి, చివరి క్రియ మళ్ళీ మునుగుతుంది.

అటాక్ గురించి చెప్పాల్సింది తక్కువ. 1 మిల్లీసెకను పెడితే 'ప', 'క', 'ట' వంటి హల్లుల మొన విరిగి మాట మొద్దుబారుతుంది. 10 నుంచి 20 మధ్య పెడితే చదివే గొంతుకు చాలు.

ఇదే వాక్యానికి రెండో దారి ఉంది. ముందు కంప్రెసర్ ముట్టుకోకుండా, తరంగాన్ని చూస్తూ పదబంధం పదబంధంగా చేత్తో గెయిన్ సర్దుతారు. హుషారుగా చదివిన మొదటి సగాన్ని 3 డీబీ దించుదాం, 'అనలేదు' భాగాన్ని 6 డీబీ ఎత్తుదాం. దీర్ఘం మైనస్ 11, దాని 'స్' మైనస్ 19, 'అనలేదు' మైనస్ 16. పదబంధం మొత్తాన్ని కలిపి దించాం కనుక అచ్చుకూ 'స్'కూ మధ్య 8 డీబీ చెక్కుచెదరలేదు. చేతిపనికీ కంప్రెసర్‌కూ తేడా ఇదే. ఇప్పుడు థ్రెషోల్డ్ మైనస్ 17, రేషియో 2కి 1 పెడితే దీర్ఘం మైనస్ 14కి వస్తుంది, 'అనలేదు' మైనస్ 16న్నరకు. 'స్' థ్రెషోల్డ్ కింద ఉంది. రిలీజ్ పుణ్యాన దానికి కాస్త నొక్కుడు అంటినా, అంటకపోయినా, అచ్చుకూ దానికీ దూరం 5కూ 7కూ మధ్య ఉంటుంది. మేకప్ 6 డీబీ ఇస్తే దీర్ఘం మైనస్ 8కి చేరుతుంది, మాటల మధ్య నిశ్శబ్దం మైనస్ 62 దగ్గర ఆగుతుంది. చివరి క్రియకూ మొదటి మాటకూ తేడా రెండున్నర డీబీయే. మొదటి దారి కన్నా చదువు సమంగా ఉంది, డీ-ఎస్సర్‌కు మిగిలిన పని ఒకటి నుంచి 3 డీబీ.

ఎత్తిన పదబంధంలో హోరు కూడా 6 డీబీ ఎక్కువ పెరుగుతుంది కదా అని అడగొచ్చు. పెరుగుతుంది. మాట ఉన్నంతసేపు మాట వెనక దాక్కుంటుంది. అందుకే గెయిన్ మార్చే గీతను మాట మొదలయ్యే చోటనే వేయాలి, ముందున్న నిశ్శబ్దంలో కాదు. ఊపిరి తీసుకున్న చోటును ఎత్తే భాగంలో కలుపుకుంటే, విషాద సన్నివేశంలో కథకుడు పరిగెత్తుకొచ్చినట్టు రొప్పుతాడు.

ఈ చేతిపని గంట రికార్డింగుకు గంటకు పైగానే పడుతుందని విసుక్కునేవాళ్ళున్నారు, నిజమే. గొంతు లెవెల్‌ను తనంతట తనే మెల్లగా ఎత్తుతూ దించుతూ పోయే రైడర్ ప్లగిన్లు వచ్చింది ఆ విసుగు తీర్చడానికే. అవి మాటల మధ్య విరామంలో హోరును ఎత్తకుండా చూసుకుంటే చాలావరకు పనికొస్తాయి. కానీ కథలో ఒక పాత్ర కావాలని గొణిగింది, ఒక పాత్ర కావాలని అరిచింది అన్న వివేకం వాటికి లేదు, రెంటినీ ఒకే ఎత్తుకు తెస్తాయి.

డీ-ఎస్సర్ నిజానికి కంప్రెసరే. దాని చెవికి మాత్రం మొత్తం గొంతు కాకుండా పై పౌనఃపున్యాలే వినిపిస్తారు. ఈ ఆలోచన ప్లగిన్ల కన్నా చాలా పాతది. ఎఫ్ఎమ్ ప్రసారంలో రొద తగ్గించడానికి పై పౌనఃపున్యాలను ముందే పెంచి పంపుతారు. గొంతు మొత్తంగా హద్దులో ఉన్నా, అలా పెంచిన 'స'లు హద్దు దాటేవి. 1960ల్లో టెలిట్రానిక్స్ సంస్థ జిమ్ లారెన్స్ రూపకల్పనలో తెచ్చిన ఎల్ఏ-2ఏ లెవెలర్‌లో ఇందుకోసమే ఆర్37 అనే చిన్న మర ఉండేది. దాన్ని తిప్పితే ఆ పెట్టె పై ధ్వనులకు ఎక్కువగా స్పందించి వాటి దగ్గర గట్టిగా నొక్కేది. ఇవాళ ఎల్ఏ-2ఏను అనుకరించే ప్లగిన్లలో కూడా ఆ మర కనిపిస్తుంది, చాలామంది ముట్టుకోరు. లెవెలింగు, డీ-ఎస్సింగు ఒకే పెట్టెలో పుట్టిన అన్నదమ్ములని గుర్తుచేసే మర అది.

ముందా వెనకా అన్న తగాదాకు జవాబు ఇక్కడ దొరుకుతుంది. మామూలు డీ-ఎస్సర్ థ్రెషోల్డ్ ఒక స్థిరమైన గీత. లెవెల్ సర్దని గొంతు మీద దాన్ని మొదటే పెడితే గట్టిగా చదివిన చోట ప్రతి 'స'నూ కోస్తుంది, నెమ్మదిగా చదివిన చోట దేన్నీ కోయదు. ఆ నెమ్మది భాగాన్ని తర్వాత కంప్రెసర్ పైకెత్తినప్పుడు కోయని 'స'లే పైకొచ్చి గుచ్చుతాయి. కాబట్టి చేత్తో సర్దని ఫైలు మీద ముందు పెట్టడం వృథా. సర్దిన తర్వాత అయితే కంప్రెసర్ వెనక పెట్టడం నా పక్షం. 'స'ను పెంచేది కంప్రెసర్ కనుక, పెరిగిన తర్వాతే ఎంత కోయాలో తెలుస్తుంది. ముందు పెట్టాల్సిన సందర్భం ఒకటుంది. కొందరి 'స' అచ్చుతో సమానంగా, అంతకన్నా గట్టిగా పలుకుతుంది. అప్పుడు ఆ 'స్' కంప్రెసర్‌ను కదిలించి, తర్వాత వచ్చే 'ఆ'ను కుంగదీస్తుంది. 'సాయంత్రం' అన్నప్పుడల్లా దీర్ఘం ఒక్క క్షణం ఆలస్యంగా వికసిస్తున్నట్టుంటే రోగం అదేనని గుర్తు. కొన్ని డీ-ఎస్సర్లు, పాతవాటిలో డీబీఎక్స్ 902 లాంటివి, స్థిరమైన గీతతో కాకుండా పై భాగం మొత్తం గొంతులో ఎంత వాటా ఉందో చూసి పనిచేస్తాయి. అవి ఉన్నచోట ఈ తగాదా పదును తగ్గుతుంది.

ఇక కోసే చోటు. ఇంగ్లిషు గొంతుల కోసం చేసిన ప్రీసెట్‌లు తెలుగు మీద తడబడేది ఇక్కడే. 'స'లో బలం సాధారణంగా 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, ఆడగొంతుల్లో ఇంకాస్త పైకి. 'శ' దానికి కింద, 3 నుంచి 5 ప్రాంతంలో, 'ష' ఇంకొంచెం కింద. వాడుకలో 'శ'ను 'స'గా పలికే గొంతులకు ఈ చిక్కు లేదు. కానీ ప్రవచనాలు, పద్యాలు, పురాణకథలు చదివేవారు 'శ'నూ 'ష'నూ ఒత్తి పలుకుతారు. 'విశేషం', 'శ్రీశైలం' వంటి మాటలు వస్తే 7 కిలోహెర్ట్జ్ మీద కూర్చున్న డీ-ఎస్సర్ వాటిని పట్టించుకోదు. పట్టుకోవాలని గీతను 3కి దించితే అచ్చుల స్పష్టతను మోసే ప్రాంతంలో కత్తి పడుతుంది, గొంతు దుప్పటి కప్పుకుంటుంది. ఇంకో వింత 'చ', 'జ'లది. 'చారు', 'చుట్టం', 'జొన్న' వంటి మాటల్లో కొందరు నాలుక కొసను పళ్ళ దగ్గర పెట్టి దంత్యంగా పలుకుతారు. ఆ పలుకు తోకలో అచ్చంగా 'స్' లాంటి రాపిడి ఉంటుంది. 'చేను', 'జిల్లా' అన్నప్పుడు అది ఉండదు. అంటే ఒకే అక్షరం ఒకచోట డీ-ఎస్సర్‌ను కదిలిస్తుంది, ఒకచోట కదిలించదు. మీటరు 'చల్లారిపోయింది' దగ్గర ఊగిందని కంగారు పడనక్కర్లేదు, అది సరిగ్గానే పనిచేస్తోంది.

నేను చెప్పే పద్ధతి ఇది. మొదట 'స'నే లక్ష్యం చేసుకోవాలి. ఇబ్బంది పెట్టే ఒక 'స్' ముక్కను ఎంచి స్పెక్ట్రమ్ చూపే పరికరంలో పెట్టి శిఖరం ఎక్కడుందో చూడాలి. ఈక్యూలో సన్నటి బెల్‌ను 10 డీబీ పైకెత్తి అటూ ఇటూ జరుపుతూ వెతికే అలవాటు చాలామందికి ఉంది కానీ, అంతెత్తున ఎత్తితే ఏ పౌనఃపున్యమైనా చెడ్డగానే వినిపిస్తుంది. శిఖరం ఆరున్నర దగ్గర ఉందనుకుంటే 5న్నర నుంచి 8 దాకా పట్టీ పెట్టి, గట్టి 'స' మీద 3 నుంచి 4 డీబీ తగ్గేలా థ్రెషోల్డ్ దించాలి. మిగిలిన, ఒత్తి పలికిన 'శ'లను, పేజీకి ఎన్నో ఉండవు, చేత్తో పట్టుకోవచ్చు. తరంగంలో ఊష్మాలు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. అచ్చులకు ఉండే లయబద్ధమైన శిఖరాల వరస వాటిలో ఉండదు, దట్టంగా అలికినట్టు ఉంటాయి. ఆ ముక్కనే 3, 4 డీబీ దించితే సరి.

'తపస్సు', 'మనస్సు', 'ఉషస్సు' విషయం వేరు. ద్విత్వం కనుక ఆ ఊష్మం మామూలు 'స' కన్నా చాలా పొడవు. చెవికి బాధ దాని ఎత్తుతో కాదు, నిడివితో. ఎంత దించినా ఉన్నంతసేపూ ఉంటుంది కనుక డీ-ఎస్సర్‌ను ఇంకా లోతుగా పెట్టాలనిపిస్తుంది. దానికి బదులు ఆ ఊష్మం నడిబొడ్డులోంచి 30, 40 మిల్లీసెకన్ల ముక్క కత్తిరించి రెండు కొసలూ చిన్న క్రాస్‌ఫేడ్‌తో అతికిస్తే పోతుంది. రొద లాంటి ధ్వని కనుక అతుకు వినపడదు. ద్విత్వం మాత్రం మిగలాలి, మరీ కోసేస్తే 'మనస్సు' కాస్తా 'మనసు' అవుతుంది, ఛందస్సున్న పద్యంలో అయితే గణం తప్పుతుంది.

స్ప్లిట్‌బ్యాండ్, వైడ్‌బ్యాండ్ అన్న ఎంపికలో కూడా మొగ్గు చెప్పొచ్చు. స్ప్లిట్‌బ్యాండ్ పై పట్టీని మాత్రమే దించుతుంది. వైడ్‌బ్యాండ్ 'స్' వచ్చిన క్షణం మొత్తం గొంతును దించుతుంది. వినడానికి రెండోది మొరటుగా తోస్తుంది కానీ, 'స్' పలికేటప్పుడు కింద పెద్దగా ఏమీ ఉండదు కనుక నష్టం తక్కువ, 'స' రంగు మారదు, నెమ్మదిస్తుందంతే. ఒంటరి గొంతుకు నేను మొదట వైడ్‌బ్యాండే పెడతాను. దాని రిలీజ్ పొడవైతే 'సా'లోని దీర్ఘపు మొదలు కూడా మునుగుతుంది కనుక 30 నుంచి 50 మిల్లీసెకన్లలో ఉంచాలి. దంత్య 'జ' వంటి, కంఠనాదమూ రాపిడీ కలిసే ధ్వనులు ఎక్కువున్న గొంతుకు, వెనక సంగీతం కలిసిపోయిన ట్రాకుకు స్ప్లిట్‌బ్యాండే నయం. ఉచితంగా దొరికే టీడీఆర్ నోవా లాంటి డైనమిక్ ఈక్యూ కూడా ఆ పని చేస్తుంది.

ఎక్కువైందని తెలుసుకునేది ఎలా? చాలా డీ-ఎస్సర్లలో తీసేస్తున్న భాగాన్ని విడిగా వినే బొత్తం ఉంటుంది. అందులో పొట్టి 'ట్స్, ష్' తునకలే వినిపించాలి. మాట అర్థమయ్యేంతగా అచ్చులు వినిపిస్తున్నాయంటే థ్రెషోల్డ్ మరీ కిందికి దిగిందని లెక్క. రెండో పరీక్ష, 'సరే' అన్న మాట 'థరే' వైపు జరుగుతోందా అని. 8 డీబీ దాటి కోస్తే చాలా గొంతుల్లో అది మొదలవుతుంది. ఇదంతా హెడ్‌ఫోన్స్‌లో అరగంట పనిచేశాక తేలదు, అప్పటికి చెవి అలవాటు పడిపోయి వినీవినిపించని 'స'నూ శత్రువుగా చూస్తుంది. కాసేపు ఆగి, తక్కువ వాల్యూములో, ఫోను స్పీకరు మీద, చవక ఇయర్‌ఫోన్స్‌లో వినాలి. చవక ఇయర్‌ఫోన్లలో చాలావాటికి సరిగ్గా 'స' ఉండే ప్రాంతంలోనే సొంత ఉబ్బు ఉంటుంది, మన శ్రోతల్లో ఎక్కువమంది వినేదీ వాటిలోనే.

గుసగుసగా చదివిన భాగాల్లో డీ-ఎస్సర్ ఆపేయాలి. అక్కడ అచ్చులు కూడా ఊపిరి రాపిడే కనుక అది మాట మాటకూ కదిలి గొంతును పిండేస్తుంది. డీ-ఎస్సర్ తర్వాత గొంతు మెరవాలని ఈక్యూలో 8 కిలోహెర్ట్జ్ పైన ఎత్తేవాళ్ళు తీసేసినదాన్ని తిరిగి తెచ్చుకుంటున్నారు. ఆ మెరుపు కావాలంటే డీ-ఎస్సర్‌కు ముందే ఇవ్వాలి. రికార్డింగులోనే ఓవర్‌లోడై చిట్లిన 'స'లకు మాత్రం ఈ పరికరాలేవీ పనికిరావు. దించితే తక్కువ ఎత్తులో చిట్లినట్టే వినిపిస్తాయి, ఆ వాక్యం మళ్ళీ చదవాల్సిందే. అప్పుడు కండెన్సర్ మైకును నోటికి ఎదురుగా కాకుండా 20, 30 డిగ్రీలు పక్కకు తిప్పి, జానెడు దూరంలో, పెదవుల కన్నా కొంచెం ఎత్తున పెట్టి ముందు "తపస్సు, శ్రీశైలం, చారు" అని పలికి విని చూసుకుంటే, ఆ వాక్యానికి డీ-ఎస్సర్ అవసరమే రాకపోవచ్చు.